రైతుల ముందు పెట్టే స్లైడ్లు: అనువాదం చాలా, కొలతలూ మార్చాలా? ఏది మేలు?

వ్యవసాయ శిక్షణలు ఇచ్చే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ప్రెజెంటేషన్‌లో మాటలన్నీ రైతుల భాషలోకి మార్చాక ఇంకా మార్చాల్సింది ఏముంటుంది? నా దృష్టిలో అసలు పని అక్కడే మొదలవుతుంది, అందులోనూ ముందు చూడాల్సింది కొలతలను.

కలుపు మందు గురించిన స్లైడ్ ఒకటి తీసుకుందాం. అందులో "హెక్టారుకు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీటిలో" అని ఉందనుకోండి. దీన్ని మూడు రకాలుగా చూపొచ్చు.

మొదటిది, అంకెల జోలికి పోకుండా మాటలు మాత్రమే మార్చడం. సీసా మీది లేబుల్‌తో సరిపోతుంది, లెక్క తప్పే భయం లేదు. కానీ ఎకరాల్లో ఆలోచించే మనిషి ఆ 500ను ఎకరానికే అనుకుంటే మందు దాదాపు రెండున్నర రెట్లు పడుతుంది. కలుపుతో పాటు పైరూ మాడే ప్రమాదం ఉంది.

రెండోది, ఎకరాల్లోకి మార్చడం. హెక్టారంటే సుమారు 2.47 ఎకరాలు. భాగిస్తే 202 వస్తుంది, 200 మిల్లీలీటర్లు అని రాసుకోవచ్చు. నీళ్లూ 200 లీటర్లే. మందు ఎంత కొనాలో తేల్చుకోవడానికి ఇది చాలు. పొలంలో మాత్రం ఆయన చేతిలో ఉండేది ఎకరం కాదు, స్ప్రేయర్ ట్యాంకు.

అందుకే నా మొగ్గు మూడోదాని వైపు: ట్యాంకు లెక్క. 200 లీటర్ల నీటికి 200 మిల్లీలీటర్లు కాబట్టి, 16 లీటర్ల ట్యాంకుకు 16 మిల్లీలీటర్లు. వినగానే అర్థమవుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. వేగంగా నడుస్తూ ఎకరానికి ఎనిమిది ట్యాంకులే కొట్టే రైతు ఈ లెక్కే పాటిస్తే పొలంలో పడేది 128 మిల్లీలీటర్లు. కలుపు సగం చచ్చి మళ్లీ లేస్తుంది, తప్పేమో మందు మీదకు పోతుంది. "లీటరుకు ఇన్ని గ్రాములు" అని చెప్పే మందులకైతే ట్యాంకు లెక్క నేరుగా కుదురుతుంది. విస్తీర్ణాన్ని బట్టి మోతాదు చెప్పే మందులకు అది చాలదు.

అలాంటి స్లైడ్ మీద ఎకరానికి 200 అన్న అంకె పెద్దగా ఉంచి, కింద "మీ ఎకరానికి ఎన్ని ట్యాంకులు?" అని అడగాలి. ఎనిమిదైతే ట్యాంకుకు 25 మిల్లీలీటర్లు, పదైతే 20. ఎన్ని పడతాయో తెలియనివాళ్లు ఉత్త నీళ్లతో ఒక ట్యాంకు కొట్టి చూడొచ్చు. ఎకరంలో పదోవంతు తడిస్తే పది ట్యాంకులన్నమాట. లేబుల్ చెప్పిన కనీస నీటికంటే తగ్గుతుంటే మాత్రం నడక నెమ్మది చేయాలి. అసలు హెక్టారు అంకెను ఒక మూల చిన్నగా ఉంచండి, సరిచూసుకోవడానికి పనికొస్తుంది. "రెండు మూతలు" అని మాత్రం రాయొద్దు, ఒక సీసా మూత ఇంకో సీసా మూతంత ఉండదు. గీతలున్న కొలగ్లాసు ఫొటో పెట్టండి.

బొమ్మల్లోనూ చిక్కు పరిమాణం దగ్గరే. తామర పురుగు సాధారణంగా రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. దాన్ని తెర నిండా చూపిస్తే "ఇంత పురుగు మా చేలో లేదు" అని నిశ్చింతగా వెళ్లిపోతారు. ముందు ఆకు మీద వేలిగోరు పక్కన ఉన్న ఫొటో, తర్వాత పెద్దది చేసిన ఫొటో చూపాలి. గీసిన బొమ్మా, ఫొటోనా అంటే, తెగులు లక్షణానికి ఫొటోయే మేలు. రంగు, మచ్చ అంచు గీతల్లో రావు. స్ప్రేయర్ నాజిల్ విప్పే విధానానికి మాత్రం గీసిన బొమ్మే నయం, వెనకాల ఉన్న చెత్తంతా కనిపించదు.

శాతాల విషయంలో నాకు పెద్దగా సందేహం లేదు, వృత్తం చార్టు తీసేయడమే. "పది శాతం దెబ్బతింటే మందు కొట్టాలి" అన్న స్లైడ్‌ను "చేలో అయిదు చోట్ల పదేసి మొక్కలు చూడండి, మొత్తం యాభైలో అయిదు దెబ్బతింటే" అని మారిస్తే ఎంతతో పాటు ఎలా చూడాలో కూడా చెప్పినట్టవుతుంది. పది మొక్కల్లో ఒకటి అంటే లెక్క అదే కానీ, గట్టు పక్క పది చూసి తేల్చేస్తారు.

తెర మానేసి చార్టు కాగితాలు వాడడం కూడా ఒక దారే. కరెంటు నమ్మకం లేని చోట అదే వాడండి, పై లెక్కలు అక్కడా మారవు.

స్లైడ్ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ఒక ప్రశ్న చాలు: "16 లీటర్ల ట్యాంకుతో ఎకరానికి పది కొట్టేవాళ్లు ఒక్కోదాంట్లో ఎంత పోయాలి?" జవాబు 20 అని వస్తే సరే. 16 అని వస్తే మీ ఉదాహరణే వాళ్ల తలలో లెక్కగా నిలిచిపోయింది. ఆ స్లైడ్‌లోంచి 16 తీసేసి ట్యాంకుల పట్టిక ఒక్కటే ఉంచండి.