రైటర్ టేబుల్లో చారలు, అంకెలు: నాలుగేళ్లు వాడాక

మా అపార్ట్‌మెంట్‌లో 48 ఫ్లాట్లు. నాలుగేళ్లుగా మెయింటెనెన్స్ లెక్కలు నేనే చూస్తున్నాను. ప్రతి నెలా లిబ్రే ఆఫీస్ రైటర్లో ఒక పేజీ టేబుల్ చేసి, జిరాక్స్ తీయించి అందరికీ పంచుతాను. ఫ్లాట్ నంబరు, పేరు, పాత బాకీ, ఈ నెల చెల్లింపు, మిగిలిన బాకీ అని ఐదు నిలువు వరుసలు ఉంటాయి.

మొదటి ఏడాది ఉత్త గీతల టేబుల్ ఇచ్చాను. నాలుగో అంతస్తులో ఉండే మాస్టారు ఒకరోజు ఆ కాగితం పట్టుకుని కిందికి దిగి వచ్చారు. "బాబూ, పోయిన నెలే అంతా కట్టేశాను కదా, 2,350 బాకీ ఎందుకు రాశావు?" అన్నారు. ఆయన చదివింది పక్క ఫ్లాటు వరుస. పేరు దగ్గర మొదలైన చూపు కాగితం కుడి అంచుకు చేరేలోగా ఒక వరుస కిందికి జారిపోయింది. ఆయనది తప్పు కాదు, నా టేబుల్‌దే. ఆ నెల నుంచి వరుస విడిచి వరుసకు రంగు వేస్తున్నాను.

మొదట్లో ఒక్కో వరుసా సెలెక్ట్ చేసి చేత్తోనే రంగు వేశాను. మధ్యలో ఒక వరుస చేర్చగానే చారల క్రమం పోయింది. ఇప్పుడు నాలుగు వరుసలు, నాలుగు నిలువు వరుసలు ఉన్న చిన్న టేబుల్ ఒకటి చేసుకున్నాను. పైన శీర్షిక, తర్వాత తెలుపు, ఆ తర్వాత లేత బూడిద, చివర మొత్తం. దాన్ని `Table > AutoFormat Styles` లోకి వెళ్లి `Add` నొక్కి నా సొంత పేరుతో దాచుకున్నాను. ఎంత పెద్ద టేబుల్‌కైనా మొదటి, చివరి వరుసలను విడిగా ఉంచి, మధ్యలో రెండు రంగులనూ మార్చి మార్చి వేస్తుంది. ఎప్పుడైనా చారలు తప్పితే అదే స్టైల్ మళ్లీ వేస్తాను. టేబుల్లో సెల్స్ మాత్రం కలపను, కలిపితే చారలు కుదరవు.

రంగు విషయంలో ఒక మాట. తెర మీద `DDDDDD` కోడ్ ఉన్న బూడిద రంగు చాలా బాగుంటుంది. జిరాక్స్‌లో మాత్రం అది చుక్కలు చుక్కలుగా వచ్చి, ఆ చుక్కల్లో అంకెల మధ్య కామాలు, దశాంశ చుక్కలు కలిసిపోయాయి. ఇంకా లేతగా ఉండే `EEEEEE` కి మారాను. కాపీలో చార కనీకనిపించనట్టు ఉంటుంది, చూపు జారకుండా ఉండటానికి అంత చాలు.

అసలు పని అంకెల దగ్గర ఉంది. నాకు వచ్చే లెక్కల్లో ఒకచోట 1850, ఇంకోచోట 1,850.00, మరోచోట 1850/- ఉంటాయి. మూడూ ఒకే మొత్తమే, కానీ ఒకదాని కింద ఒకటి పెడితే ఏది పెద్దదో కంటికి అందదు. అందుకే డబ్బు ఉన్న మూడు నిలువు వరుసలు మాత్రమే సెలెక్ట్ చేసి `Table > Number Format` తెరుస్తాను. అక్కడ భాష `English (India)` పెట్టడం ముఖ్యం. అప్పుడే 345600 అన్నది 3,45,600.00 అని మన లక్షల పద్ధతిలో కనిపిస్తుంది. అమెరికా ఇంగ్లిష్ ఉంటే 345,600.00 అవుతుంది, మా వాళ్లు దాన్ని ఆగి ఆగి చదువుకోవాలి. కోడ్ ఇది:

```
#,##0.00;-#,##0.00;"—"
```

మూడో భాగం సున్నాల కోసం. బాకీ లేనివాళ్ల దగ్గర 0.00 బదులు చిన్న గీత వస్తుంది. బాకీ ఉన్నవాళ్లు ఎవరో పేజీ చూడగానే తెలిసిపోతుంది.

ఒకసారి తొందరలో టేబుల్ మొత్తం సెలెక్ట్ చేసి ఫార్మాట్ ఇచ్చేశాను. ఫ్లాట్ 101 కాస్తా 101.00 అయింది. ఇంకోసారి 12 వాయిదాల్లో మూడోది అని 3/12 కొడితే రైటర్ దాన్ని తేదీగా మార్చేసింది. `Number Recognition` ఆన్‌లో ఉంటే అలా చేస్తుంది. అలాంటి నిలువు వరుసకు ముందే `@` అని టెక్స్ట్ ఫార్మాట్ ఇచ్చేస్తే టెన్షన్ ఉండదు.

1850/- లాంటివి ఫార్మాట్ ఇచ్చినా మారవు, రైటర్ వాటిని మాటల కిందే చూస్తుంది. పట్టుకోవడం తేలిక. అంకెగా గుర్తించినవి కుడి అంచుకు జరుగుతాయి, గుర్తించనివి ఎడమ పక్కనే ఉండిపోతాయి. అందుకే డబ్బు వరుసలను నేను చేత్తో కుడికి జరపను. జరిపితే తప్పులు కూడా ఒప్పుల పక్కన వరుసగా నిలబడి కనిపించకుండా పోతాయి. స్టైల్ వేసేటప్పుడు కూడా `Number format`, `Alignment` టిక్కులు తీసేసి రంగులు, గీతలు మాత్రమే తీసుకుంటాను. ఎడమన చిక్కుకున్నవాటిని తిరిగి టైప్ చేశాకే చివరి వరుసలో `=sum(<D2:D49>)` పెడతాను.

నాకు మిగిలిన అసంతృప్తి ఒక్కటే. ఫైల్‌ను `.docx` గా సేవ్ చేస్తే కనిపించే అంకెలు మిగులుతాయి గానీ సెల్స్‌కు ఇచ్చిన నంబర్ ఫార్మాట్ పోతుంది. అందుకే అసలు ఫైల్ `.odt` లోనే ఉంచి, కమిటీ వాళ్లు అడిగితే పీడీఎఫ్ పంపుతున్నాను.