వెలుగుతున్న బల్బు ఫోటోలు తీయించుకునేవాళ్లకు హెచ్చరిక: కాంతి పూసిన ఫైళ్లు అంటగడుతున్నారు

ఎల్‌ఈడీ బల్బులు, సోలార్ దీపాలు అమ్ముతూ ప్రొడక్ట్ ఫోటోలు బయట చేయించుకునేవాళ్లు మిగతా డబ్బు కట్టేముందు ఇది చదవండి. "వెలిగించి తీస్తాం" అని ఆర్డర్ తీసుకుని, ఆర్పి ఉన్న బల్బునే ఒక ఫోటో తీసి, దానిమీద కంప్యూటర్లో తెల్లటి బ్రష్‌తో కాంతి పూసి ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఫోన్ తెర మీద చూస్తే బాగానే కనిపిస్తుంది. బల్బు కొన్నవాళ్ల చేతికి అందాక "ఫోటోలో ఒకటి, పెట్టెలో ఒకటి" అన్న మాట వస్తుంది. అప్పుడు వాపసు భారం ఫోటో తీసినవాళ్ల మీద పడదు, అమ్మినవాళ్ల మీదే పడుతుంది.

ఇలా చేతికొచ్చిన ఒక సెట్‌నే తీసుకుని చూద్దాం. సరుకు 9 వాట్ల బల్బు, వార్మ్ వైట్, 3000 కెల్విన్, బి22 బేస్, అంటే రెండు పిన్నులు ఉండి నొక్కి తిప్పే రకం. శాంపిల్ బల్బు కూడా స్టూడియోకి ఇచ్చారు. తిరిగొచ్చిన ఫోటోల్లో ఆర్పి ఉన్న బల్బుకి పిన్నులున్నాయి, వెలుగుతున్న బల్బుకి మాత్రం మరలున్నాయి. అంటే రెండో ఫోటోలో ఉన్నది అసలు ఆ బల్బే కాదు. ముందే తయారుగా ఉన్న ఏదో ఇ27 స్క్రూ బల్బు బొమ్మ మీద బ్రాండు పేరు అతికించారు. ఎత్తి చూపితే సవరించి పంపారు. ఈసారి మరలు చెరిపేసి, అదే బేస్ మీద రెండు పిన్నులు గీశారు!

ఆ సవరణ దొరికిపోయింది కొలతలో. మామూలు ఎ60 బల్బుకి డోమ్ అత్యంత వెడల్పుగా ఉన్నచోట 60 మిల్లీమీటర్లు ఉంటుంది. బి22 బేస్ వెడల్పు 22 మిల్లీమీటర్లు, ఇ27ది సుమారు 27. కాబట్టి ఫోటోలో డోమ్ 1200 పిక్సెళ్లుంటే బి22 బేస్ దాదాపు 440 పిక్సెళ్లుండాలి, ఇ27 అయితే 540 దాకా వస్తుంది. సవరించి పంపిన ఫోటోలో పిన్నులున్నాయి గానీ బేస్ వెడల్పు 540 దగ్గరే ఆగింది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్కేలు పెట్టి కొలవడానికి నిమిషం కూడా పట్టదు. మీ బల్బు సైజు వేరైతే చేతిలో ఉన్న బల్బునే కొలిచి అదే నిష్పత్తి చూసుకోండి. లెన్స్ బాగా దగ్గరగా పెట్టి తీస్తే ముందుకొచ్చిన భాగం కాస్త పెద్దగా కనిపిస్తుంది కనుక ఒకటి రెండు శాతం తేడాకి గొడవ పడొద్దు. 440కి 540కి మధ్య ఉన్నది అలాంటి తేడా కాదు.

బేస్ అడుగు కూడా చూడండి. బి22కి అడుగున రెండు కాంటాక్టులు పక్కపక్కన ఉంటాయి. ఇ27కి నడిమధ్యన ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ ఇన్సులేషన్ ఉంటుంది. పిన్నులు రెండూ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో ఉండాలి. హోల్డర్‌లో బిగించినట్టు చూపే ఫోటోలో పిన్నులు హోల్డర్ అంచుకి బయట కనిపిస్తున్నాయంటే ఆ బల్బు బిగించలేదు, దాని పక్కన పెట్టి అతికించారు. స్క్రూ బల్బుకైతే మరలు రెండు మూడు వరసలు బయట మిగిలి ఉండడం అదే గుర్తు.

ఇక అసలు సంగతి, వెలుగు. వెలిగే బల్బుని ఫోటో తీయడం ఎందుకు కష్టమో తెలిస్తే మోసం ఎక్కడ జరుగుతుందో తెలుస్తుంది. 9 వాట్ల బల్బు సుమారు 800 ల్యూమెన్లు ఇస్తుందనుకుంటే, 60 మిల్లీమీటర్ల డోమ్ ఉపరితలం చదరపు మీటరుకి దాదాపు 45,000 క్యాండెలాల మెరుపుతో ఉంటుంది. దాని పక్కనే మంచి వెలుతురున్న బల్ల మీద, అంటే 500 లక్స్‌లో, పెట్టిన తెల్ల కాగితం మెరుపు 150 లోపే. మధ్య తేడా దాదాపు 300 రెట్లు, కెమెరా భాషలో 8 స్టాపుల పైచిలుకు; ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు. మామూలు వెలుతురులో ఒక్క ఫోటోలో ఈ రెండూ సరిగ్గా ఇమడవు. బల్బు బాడీ, దానిమీద అక్షరాలు కనిపించేలా తీస్తే డోమ్ మొత్తం తెల్లటి మచ్చ అయిపోతుంది. డోమ్ సరిగ్గా వచ్చేలా తీస్తే బాడీ నల్లబడిపోతుంది.

పని తెలిసినవాళ్లు దీన్ని చాలా ఎక్స్‌పోజర్లతో సాధిస్తారు. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ రెండూ మాన్యువల్‌లో ఉంటాయి. ముందు బల్బు ఆర్పి, స్టూడియో లైట్లతో బాడీ, బేస్ స్పష్టంగా వచ్చేలా ఒకటి తీస్తారు. తర్వాత ఆ లైట్లు తీసేసి, బల్బు వెలిగించి, ఒక్కో స్టాపు తగ్గించుకుంటూ ఐదారు తీస్తారు. వాటిలో డోమ్ మీద ఛాయలు నిలిచిన ముదురు ఫోటోని మొదటిదాని మీద స్క్రీన్ గానీ లైటెన్ గానీ మోడ్‌లో కలుపుతారు. డోమ్ లోపలి ఛాయ అంతా ఆ ముదురు ఫోటో నుంచే వస్తుంది. అది తీయలేదంటే ఆ సమాచారం ఎక్కడా లేనట్టే, ఎడిటర్ ఎంత నేర్పరైనా ఊహించి పూయాల్సిందే. కలపడం మోసం కాదని గుర్తుంచుకోండి, తీయకుండా పూయడమే మోసం.

చేతికొచ్చిన ఫైల్లో ఐడ్రాపర్, అంటే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో రంగుల అంకెలు చూపే పనిముట్టు, పెట్టి డోమ్ మధ్య నుంచి మెడ దాకా నాలుగైదు చోట్ల ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు వరసగా చదవండి; ఒక్కోటి 0 నుంచి 255 దాకా ఉంటుంది. వార్మ్ వైట్ బల్బు బాగా తీసిన ఫోటోలో మధ్యన 252, 244, 225 లాంటివి కనిపిస్తాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి 235, 205, 160 లాంటి చోటికి దిగుతాయి. ఈ అంకెలే రావాలని కాదు. మధ్య నుంచి అంచుకి మెల్లగా తగ్గుతున్నాయా, ఎరుపు ఎక్కువ నీలం తక్కువ అన్న వరస నిలిచిందా అన్నది చూడాలి. పైన చెప్పిన సెట్‌లో డోమ్ వెడల్పులో సుమారు ఐదింట నాలుగు వంతులు 255, 255, 255. అంచు దగ్గర ఒక్కసారిగా నారింజ రంగు. 3000 కెల్విన్ కాంతిలో ముందు ఎరుపు చానల్ నిండిపోతుంది, తర్వాత ఆకుపచ్చ, చివరికి నీలం. అందుకే మితిమీరిన ఎక్స్‌పోజర్‌లో వెచ్చని కాంతి మొదట పసుపుకి జారి తర్వాత తెల్లబడుతుంది. కొనేవాళ్లు ఆ తెలుపు చూసి 6500 కెల్విన్ బల్బనుకుంటారు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే కూడా ఇదే గతి: కెమెరా వెచ్చదనాన్ని సరిచేసి తెల్లగా చూపిస్తుంది. 5000 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టి అన్ని రకాలూ తీస్తే వార్మ్ వెచ్చగా, కూల్ కాస్త నీలంగా వాటికవే వేరుపడతాయి.

ఇంకో పరీక్ష ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు తగ్గించి చూడడం. డోమ్ మీద గుండ్రటి ఛాయ బయటపడితే సరే. చదునైన బూడిదరంగు బిళ్ల కనిపిస్తే అది పూసినదో, ఒకే షాట్‌లో మాడిపోయినదో అయ్యుంటుంది. రెండింట్లో ఏదైనా తీసుకోనక్కర్లేదు.

కాంతి వలయం ఆకారం కూడా చూడండి. మామూలు ఎల్‌ఈడీ బల్బులో వెలుగు డోమ్ నుంచే వస్తుంది. కింద ఉన్న తెల్ల ప్లాస్టిక్ బాడీలోంచి కాంతి బయటికి రాదు. డోమ్‌కి ఆనుకున్న భుజం మీద కొద్దిగా తడుతుంది, అంతే. బల్బు మొత్తానికీ, లోహపు బేస్‌తో సహా, చుట్టూ సమానంగా గుండ్రటి వలయం ఉందంటే దాన్ని మౌస్‌తో పెట్టారు. గది ఫోటో అయితే వెనక గోడ చూడండి. బల్బుకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న వెలుగు 20 సెంటీమీటర్ల దగ్గర సుమారు నాలుగో వంతుకి పడిపోవాలి. దగ్గరున్న వస్తువుల నీడ బల్బుకి అవతలి వైపు పడాలి. గోడంతా ఒకే వెలుతురుతో ఉండి, నీడలు కిటికీ వైపు నుంచి పడుతున్నాయంటే ఆ బల్బు గదిని వెలిగించడం లేదు.

సోలార్ దీపాల్లో అబద్ధం ఇంకా సులువుగా దొరుకుతుంది. తోటలో గుచ్చే చిన్న దీపం చాలావాటిలో ప్యానెలే చీకటిని పసిగట్టే సెన్సర్ కూడా. ఎండ పడుతున్న ప్యానెల్ కింద దీపం వెలుగుతూ కనిపించే ఫోటో ఆ రకానికి అసాధ్యం. (పగలు తీయాలంటే ప్యానెల్‌కి నల్ల టేపు వేసి వెలిగించవచ్చు, కానీ అప్పుడు ఎండ ఉన్న బ్యాక్‌గ్రౌండ్ వాడకూడదు.) ప్యానెల్ మీద మెరుపు పూసిన ఫోటోలు కూడా వస్తున్నాయి. అది కాంతిని తీసుకునే భాగం, ఇచ్చేది కాదు.

ఎంత వెలుగు చూపించవచ్చన్నది బ్యాటరీయే చెబుతుంది. లోపల 1.2 వోల్టుల, 600 మిల్లీఆంపియర్‌అవర్ సెల్ ఒకటి ఉంటే మొత్తం శక్తి 0.72 వాట్‌అవర్. 8 గంటలు వెలగాలంటే సగటున 0.09 వాట్లు. వాటుకి 100 ల్యూమెన్లు లెక్కేసినా 9 ల్యూమెన్లు, సర్క్యూట్ నష్టాలు తీసేస్తే ఇంకా తక్కువ. అలాంటి దీపం ఇంటి గోడనంతా పట్టపగలులా వెలిగిస్తున్న ఫోటో పెడితే ఫిర్యాదులు రాక మానవు. నిజాయితీగా తీయడానికి పొద్దుగుంకాక ఆకాశం ఇంకా నీలంగా ఉన్న ఆ కాసేపే సరైన సమయం. అప్పుడు చుట్టూ ఉన్న వెలుతురు, దీపం వెలుతురు ఒకదానికొకటి సరితూగుతాయి, ఒకటి రెండు సెకన్ల ఎక్స్‌పోజర్‌తో దీపం చుట్టూ నేల మీద చిన్న వెలుగు మడుగు, కింద గుచ్చిన ఈటె, మట్టి అన్నీ కనిపిస్తాయి.

ఆర్డర్ రాసేటప్పుడే ఈ మాటలు పెట్టండి: ఇచ్చిన శాంపిల్ బల్బునే వెలిగించి తీయాలి, బేస్ రకం పేరుతో సహా రాసివ్వాలి, డోమ్‌లో 255 నిండిన చోటు ఉండకూడదు, ఆర్పినదీ వెలిగించినదీ రా ఫైళ్లు, అంటే కెమెరా నుంచి ఏ మార్పూ లేకుండా వచ్చినవి, రెండూ ఇవ్వాలి. షట్టర్ సెకనులో 50వ వంతు గానీ ఇంకా నెమ్మదిగా గానీ ఉండాలని కూడా చేర్చండి. చౌక డ్రైవరున్న బల్బులు కరెంటుతో పాటు మిణుకుతాయి, వేగంగా తీస్తే ఫోటోలో అడ్డ చారలు పడతాయి. మొత్తం సెట్‌కి ముందు ఒక్క ఫోటో తీయించి, దాని రా ఫైళ్లు చూశాకే మిగతావి మొదలుపెట్టమనండి.

తప్పు చూపిస్తే "మీ మానిటర్ బ్రైట్‌నెస్ ఎక్కువ" అనే జవాబు వస్తుంది. ఐడ్రాపర్ చదివే 255 మానిటర్ మార్చినా మారదు, ఆ అంకెలున్న స్క్రీన్‌షాట్ పంపండి. "రా ఫైళ్లు డిలీట్ అయ్యాయి" అంటే శాంపిల్ బల్బు ఇంకా వాళ్ల దగ్గరే ఉంటుంది, మళ్లీ తీయమనండి.