లూప్ ఓములా, ట్రిప్ టైమా: ఆర్‌సీసీబీ ఉన్న లైన్‌కు ఏది మేలు?

"అన్నా, ఒక్క టెస్టరే కొనగలను. లూప్ ఇంపెడెన్స్‌ది కొనాలా, ఆర్‌సీసీబీ టైమర్ కొనాలా?" అని కుర్రాళ్లు అడుగుతూనే ఉన్నారు. మా అనంతపురం ఇళ్లకైతే నేను టైమరే అంటాను. పోయిన నెల చూసిన ఒక గీజర్ లైన్ సంగతి చెబితే ఎందుకో తెలుస్తుంది.

ఊరి శివారు ఇల్లు. సొంత ఎర్త్ పిట్, నాలుగడుగుల కింద రాయి. గీజర్‌కు 16 ఆంపియర్ల సీ టైప్ ఎంసీబీ, దాని ముందు 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగే ఆర్‌సీసీబీ. సాకెట్ దగ్గర లూప్, అంటే ఫాల్ట్ కరెంట్ ఎర్త్ గుండా తిరిగొచ్చే దారి, 68 ఓములు వచ్చింది. ఆ ఎంసీబీ వెంటనే ట్రిప్ కావాలంటే 160 ఆంపియర్లు పారాలి, అంటే లూప్ 1.44 ఓములు దాటకూడదు. ఇక్కడ పారేది 3.4 ఆంపియర్లు. ఫేజ్ వెళ్లి గీజర్ బాడీకి తగిలినా ఎంసీబీ కదలదు. భారమంతా ఆర్‌సీసీబీదే.

దానికి మాత్రం 68 ఓములు ఒక లెక్క కాదు. తాకే వోల్టేజీ 50 దాటకుండా 1,667 ఓముల దాకా ఒప్పుకుంటుంది. ఎండాకాలం పిట్ ఎండితే ఓములు పెరుగుతాయి కాబట్టి 200 దాటిన పిట్‌ను నేను నమ్మను, అది వేరే సంగతి. ఏదేమైనా లూప్ టెస్ట్ ఇక్కడ దాదాపు ప్రతి ఇంట్లో పాసే. ఆర్‌సీసీబీ బాగుందో లేదో అది చెప్పదు.

టైమర్ చెప్పింది. 30 మిల్లీ ఆంపియర్లు పెడితే 300 మిల్లీసెకన్లలో ట్రిప్ కావాలి. మొదటిసారి కాలేదు. రెండోసారి 140. మూడోసారి 28! లోపలి మెకానిజం పట్టేసి, రెండు దెబ్బలకు వదులైంది. నేను ముందే టెస్ట్ బటన్ నొక్కి ఉంటే ఈ జబ్బు కనపడేదే కాదు. అందుకే టైమర్ ముందు, బటన్ తర్వాత. ఆర్‌సీసీబీ మార్పించాను.

సొంత ఎర్త్ మీదున్న లైన్ 0.2 సెకన్లలో తెగాలి కదా, 300 మిల్లీసెకన్లు ఎక్కువ కాదా అంటారు. నిజం ఫాల్ట్‌లో పారేది 30 మిల్లీ కాదు, 3.4 ఆంపియర్లు, వంద రెట్లకు పైనే. అయిదు రెట్లకే 40 మిల్లీసెకన్లలో తెగాలి. ఆ 150 మిల్లీ ఆంపియర్ల టెస్ట్ కూడా చేయండి. ఏసీ వేవ్‌లో సున్నా, 180 డిగ్రీలు రెండింటి మీదా చేసి, ఎక్కువ వచ్చిన టైమే రాసుకోండి.

ఎర్త్ వైరు తెగిందా అన్నదీ టైమరే పట్టిస్తుంది. చాలా టైమర్లు తాకే వోల్టేజీ చూపిస్తాయి. 68 ఓములకు సుమారు 2 వోల్టులు. వైరు తెగి ఉంటే టెస్టే మొదలుకాదు.

సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, న్యూట్రల్‌కు ఎర్త్ కలిపిన ఫ్యాక్టరీలో ఎంసీబీని నమ్ముకున్న లైన్లకు లూప్ టెస్టరే కావాలి. ఆర్‌సీసీబీ లైన్ మీద దాన్ని వాడితే నో ట్రిప్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే ఇల్లంతా చీకటి.

ఇక ఫేజ్‌కూ ఎర్త్‌కూ బల్బు పెట్టి చూడటం: 68 ఓముల మీద కూడా 100 వాట్ల బల్బు బాగానే వెలుగుతుంది కాబట్టి ఎర్త్ ఎంత మంచిదో తెలియదు, ఆర్‌సీసీబీ ఉంటే బల్బు వెలగకముందే అది పడిపోతుంది. టెస్ట్ బటన్ ఎర్త్ వైరు జోలికే వెళ్లదు.