కథల ఫైళ్లలో సంభాషణలు దిద్దడానికి లిబ్రేఆఫీస్ రైటర్: ఏళ్ల తరబడి వాడాక

నల్లగొండలో ఉంటా. మిర్యాలగూడ, దేవరకొండ, పాలమూరు దిక్కు రాసేవాళ్లు కథలు, నవలలు పుస్తకానికి ఇచ్చేముందు ఒకసారి చూడమని నాకు పంపిస్తుంటారు. ఒకే నవలలో సగం ఫోన్‌లో కొట్టింది, సగం డీటీపీ సెంటర్లో కొట్టించింది ఉంటది. కొటేషన్ గుర్తులు ఒకచోట నిటారుగా, ఇంకోచోట వంపు తిరిగి, కామాలు లోపల కొన్ని, బయట కొన్ని. ఈ గందరగోళం దిద్దడానికి నేను వాడేది లిబ్రేఆఫీస్ రైటర్, అందులోనూ ముఖ్యంగా Ctrl+H నొక్కితే వచ్చే వెతికి మార్చే పెట్టె. ఉచితం, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తది, ఆ సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి అసలు విషయానికి వస్తా.

ఆ పెట్టెలో కింద Other options తెరిచి Regular expressions దగ్గర టిక్ పెట్టాలి. అది లేకుండా ఈ పని చేయాలనుకుంటే ఒక్కో గుర్తు చేత్తో దిద్దుకుంటూ కూర్చోవడమే. టిక్ పెట్టాక మొదట కింది దాన్ని వెతికించి, దాని స్థానంలో “ పెట్టమంటా.

```
(?<!\S)"
```

అంటే ముందు ఖాళీ ఉన్న, లేదా పేరా మొదట్లో ఉన్న నిటారు గుర్తు. అది మాట మొదలయ్యే గుర్తే అయి ఉండాలి. ఆ తర్వాత మిగిలిన నిటారు గుర్తులన్నీ ముగింపువే కాబట్టి వాటిని ” గా మార్చేస్తే సరి. కాకపోతే మనోళ్లలో చాలామంది ముగింపు గుర్తుకు ముందు కూడా స్పేస్ కొడతారు. అక్కడ ముగింపు కాస్తా మొదలు గుర్తు అయి కూర్చుంటది. అందుకని మార్చడం అయ్యాక ఈ రెండూ విడివిడిగా వెతికి చూడకుండా ముందుకు పోవద్దు.

```
“[^”]*$
“[^”]*“
```

మొదటిది తెరిచి మూయకుండా పేరా చివరిదాకా పోయిన మాటను పట్టిస్తది, రెండోది మూయకుండానే మళ్లీ తెరిచినచోటును పట్టిస్తది. ఒకే మనిషి ఆగకుండా రెండు మూడు పేరాలు మాట్లాడితే మొదటిది అక్కడ కూడా ఆగుతది, అది తప్పు కాదు. చివరి పేరాలో తప్ప ముగింపు గుర్తు పెట్టకుండా ప్రతి పేరా మొదట్లో మాత్రం తెరవడం మామూలే కదా, చూసి వదిలేయాలి.

ప్రశ్నార్థకం బయట పడటం ఇంకో రోగం. ”\s*([?!]) వెతికి $1” పెడితే లోపలికి పోతది. ఆ తర్వాత ([?!])”\s*, వెతికి $1” పెడితే ప్రశ్నార్థకం ఉన్నా వెనక వేలాడే కామా పోతది. ఈ వరుస తప్పొద్దు, మొదటిది అయ్యాకనే రెండోది. ఆ కామా మిగిలితే తర్వాత మామూలు కామాలను లోపలికి జరిపేటప్పుడు ప్రశ్నార్థకం, కామా రెండూ పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి.

ఇక దీంతో అసలు చిక్కు మన సంధి దగ్గర వస్తది. ముగింపు గుర్తు తర్వాత స్పేస్ లేకుండా అక్షరం ఉంటే స్పేస్ పెట్టమని మొత్తానికి ఒకేసారి చెప్పేస్తే కొంప మునిగినట్టే. ఎందుకంటే మనవాళ్లు “వస్తా”నన్నాడు అని రాస్తారు, “పోదా”మంటూ లేచింది అని రాస్తారు. అక్కడ స్పేస్ పెడితే “వస్తా” నన్నాడు అవుతది, చదివితే ఎబ్బెట్టుగా ఉంటది. దీనికి మన లిపిలోనే ఒక దారి ఉంది. గుర్తు తర్వాత అచ్చు అక్షరం ఉంటే అది విడి మాటే, “రా”అన్నాడు లాగ, కేవలం స్పేస్ మరిచిపోయినట్టు లెక్క. హల్లు ఉంటే అది సంధి కలిసిన ముక్క అయి ఉండొచ్చు. కాబట్టి అచ్చులకు మాత్రమే యంత్రానికి అప్పజెప్తా.

```
”(?=[అ-ఔ])
```

దీన్ని వెతికి ” పెట్టి దాని వెనక ఒక స్పేస్ కొట్టి, భయం లేకుండా అన్నీ ఒకేసారి మార్చేయొచ్చు. హల్లుల కోసం ”(?=[క-హ]) వెతికి, Find Next నొక్కుకుంటూ ఒక్కొక్కటీ కళ్లతో చూడాల్సిందే. “వస్తా”నన్నాడును “వస్తాను” అన్నాడు అని విడదీస్తా, “పోదా”మంటూను “పోదాం” అంటూ అని. అదే మాట తెలంగాణ యాసలో ఉంటే “వస్త” అన్నాడు అనే ఉంచాలి, విడదీసే పేరుతో పాత్ర నోట్లో వస్తాను కుక్కొద్దు.

గుర్తులు అయ్యాక ట్యాగులు, అంటే అన్నాడు, అంది, అడిగింది లాంటివి. వీటిలో సాఫ్ట్‌వేర్ చేసే సాయం తక్కువ. అన్నాడు అని రాసి Find All నొక్కితే అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒక పేజీలో పదిచోట్ల వెలిగితే అక్కడ కూర్చోవాలని తెలుస్తది, అంతే. దేవరకొండ బస్సులో జరిగే ఒక సన్నివేశం ఇట్లా వచ్చింది నాకు (మాటలు కొంచెం మార్చి పెడుతున్నా):

"ఏడికి వోతున్నవ్ బిడ్డా"? అని అడిగింది అవ్వ.
"హైదరాబాద్ పోతున్న అవ్వా", అని అన్నాడు యాదగిరి.
"ఒక్కనివే పోతున్నవా"? అని అవ్వ మళ్లీ అడిగింది.
"ఒక్కన్నే", నవ్వాడు యాదగిరి.

దిద్దాక ఇట్లా అయింది:

“ఏడికి వోతున్నవ్ బిడ్డా?” అడిగింది అవ్వ.
“హైదరాబాద్ పోతున్న అవ్వా.”
“ఒక్కనివే పోతున్నవా?”
“ఒక్కన్నే.” యాదగిరి నవ్వాడు.

బిడ్డా, అవ్వా అనే పిలుపులే ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెప్తున్నాయి. అట్లాంటప్పుడు మధ్యలో అన్నాడు, అడిగింది ఎందుకు? చివరి వరుసలో నవ్వాడు అనేది మాట్లాడే పని కాదు, మాటను నవ్వలేం. అందుకే మాట ముగించి చుక్క పెట్టి, నవ్వును వేరే వాక్యం చేశా. కసిరాడు, గొణిగింది, గదమాయించాడు మాత్రం నోటితో చేసేవే, వాటిని ట్యాగుగా ఉంచొచ్చు, ప్రతి వరుసకూ మార్చి మార్చి వాడితే మాత్రం చదివేవాడి ధ్యాసంతా వాటి మీదికే పోతది.

ట్యాగు ఎంతవరకు తీయొచ్చనేది ఎవరు మాట్లాడుతున్నారన్న దాన్ని బట్టి ఉంటది. ఒక మగ, ఒక ఆడ అయితే అన్నాడు, అంది అన్న క్రియే సరిపోతది, పేరు అక్కర్లేదు. అత్తాకోడళ్లు, లేదా ఇద్దరు చెల్లెళ్లు మాట్లాడుకుంటే ఇద్దరికీ అంది అనే వస్తది, అక్కడ నాలుగైదు మాటలకోసారి పేరు పెట్టకపోతే చదివేవాడు వెనక్కి పోయి లెక్కపెట్టుకోవాలి. ముగ్గురు ఉంటే ఇంకా ఎక్కువ. పెద్దాయన అన్నారు అని ఒక పేజీలో, అన్నాడు అని ఇంకో పేజీలో రావడం కూడా ఈ దశలోనే పట్టుకోవాలి, పేరుతో వెతికితే దొరికిపోతది.

మైనస్‌లు కూడా చెప్పాలి. వెతుకులాట ఒక పేరా దాటి చూడదు, కాబట్టి ట్యాగు కింది పేరాలోకి జారిపోతే ఇది పట్టుకోలేదు. మార్పులు రికార్డ్ చేసేది ఆన్ పెట్టి గుర్తులు మారిస్తే, తీసేసిన గుర్తులు కూడా ఫైల్లోనే ఉండి తర్వాతి వెతుకులాటకు అడ్డం తగులుతాయి. నేనైతే కాపీ మీద రికార్డ్ లేకుండా గుర్తుల పనంతా చేసి, చివర్లో Edit మెనూలో Track Changes కింద ఉన్న Compare Document తో అసలు ఫైల్‌ను పోల్చి, ఆ తేడాలున్న ఫైల్ రచయితకు పంపిస్తా. ఇక యాస మాటలన్నిటి కింద ఎర్రగీతలు పడి కళ్లు చెదిరితే Shift+F7 నొక్కి ఆ గీతలు ఆపేసుకోండి, ఈ పనికి వాటితో అవసరం లేదు.

కొటేషన్లకు నా మార్కులు ఐదుకు నాలుగున్నర. ట్యాగులకు రెండు, అవి కూడా ఆ Find All కోసమే.