నోటరీ ముద్రా, అనువాదకుడి సంతకమా, స్వోర్న్ ట్రాన్స్‌లేటరా: తెలుగు సర్టిఫికెట్‌కు ఏది మేలు?

కడప, ప్రొద్దుటూరు వైపు నుంచి నన్ను ఎక్కువ మంది అడిగే ప్రశ్న ఇది: "అన్నా, పంచాయతీ వాళ్లు తెలుగులో రాసిచ్చిన బర్త్ సర్టిఫికెట్‌ను ఇంగ్లీషులో టైప్ చేయించి నోటరీ ముద్ర వేయిస్తే చాలా? లేక స్వోర్న్ ట్రాన్స్‌లేటర్ కావాలంటారా?" కన్సల్టెన్సీ వాళ్లు రెండోదే చెబుతారు, దానికి ఖర్చు ఎక్కువ కాబట్టి. కోర్టు దగ్గర జాబ్ టైపింగ్ వాళ్లు మొదటిదే చెబుతారు. నన్నడిగితే విదేశాలకు వేసే చాలా దరఖాస్తుల్లో కుదిరేది ఈ రెండూ కాదు. అనువదించిన మనిషి తన పేరుతో, తన సంతకంతో ఇచ్చే ధ్రువీకరణే అసలైన కాగితం. ముద్ర అవసరమా కాదా అన్నది దాని తర్వాత చూసుకోవాలి.

జర్మనీ, స్పెయిన్ లాంటి దేశాల్లో కోర్టో ప్రభుత్వమో ప్రమాణం చేయించి, లేదా నియమించి, జాబితాలో పెట్టిన అనువాదకులు ఉంటారు, స్వోర్న్ ట్రాన్స్‌లేటరంటే వాళ్లే. మన దేశంలో అలాంటి ప్రభుత్వ వ్యవస్థ లేదు. కొన్ని రాయబార కార్యాలయాలు తమకు తెలిసిన అనువాదకుల జాబితా ఇస్తాయి, అది ఆ దేశం పనికే చెల్లుతుంది. అందుకే బోర్డు మీద "అన్ని ఎంబసీలకూ స్వోర్న్" అని కనిపిస్తే, ఏ దేశం, ఏ జాబితా అని అడగండి. ఇక నోటరీ సంగతి. 1952 నోటరీల చట్టం 8వ సెక్షన్ ప్రకారం నోటరీ ఒక పత్రాన్ని అనువదించవచ్చు, ఇంకొకరి అనువాదాన్ని సరిచూసి ధ్రువీకరించనూ వచ్చు. కానీ మన ఊళ్లలో జరిగేది వేరు. టైపింగ్ సెంటర్‌లో ఎవరో మారుస్తారు, నోటరీ చివర ముద్ర వేస్తాడు. అనువదించింది ఎవరో, వాళ్లకు రెండు భాషలూ వచ్చో లేదో ఆ కాగితంలో ఎక్కడా ఉండదు.

అమెరికా వాళ్లు పట్టుకునేది సరిగ్గా దీన్నే. అక్కడి ఇమిగ్రేషన్ శాఖ నిబంధన చిన్నది: పూర్తి ఇంగ్లీషు అనువాదం ఉండాలి, అది పూర్తిగా, కచ్చితంగా ఉందని అనువాదకుడు ధ్రువీకరించాలి, ఆ భాష నుంచి ఇంగ్లీషులోకి అనువదించే సామర్థ్యం తనకుందని కూడా రాయాలి. నోటరీ అడగరు, స్వోర్న్ అడగరు. రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్ ఒకాయన ఈ మాటలు రాసి, పేరు, చిరునామా, తేదీ వేసి సంతకం పెడితే నిబంధన తీరినట్టే. మూడు ముద్రలున్నా ఈ మాటలు లేని కాగితానికి మాత్రం "ఇంకా ఆధారాలు పంపండి" అని నోటీసు రావచ్చు.

కెనడా ఇంకొక మెట్టు ఎక్కుతుంది. అక్కడి ప్రొవిన్సుల అనువాదకుల సంఘాల్లో సభ్యుడైన సర్టిఫైడ్ ట్రాన్స్‌లేటర్ చేస్తే సరే. లేకపోతే, అనువదించిన మనిషే నోటరీ ముందు ప్రమాణం చేసి అఫిడవిట్ ఇవ్వాలి. మన దగ్గర సాధారణంగా అయ్యేది ఈ రెండోదే. అఫిడవిట్‌లో తరచూ దొర్లే పొరపాటు ఒకటుంది: టైపింగ్ వాళ్లకు అలవాటైన నమూనా ప్రకారం "నేను ఫలానా, దరఖాస్తుదారుడి తండ్రిని" అని మొదలుపెడతారు. అది చెల్లదు. ప్రమాణం చేయాల్సింది అనువాదకుడు. పైగా తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, మేనమామ, బాబాయి, వాళ్ల పిల్లలు అనువదించకూడదని కెనడా స్పష్టంగా చెబుతుంది. దరఖాస్తు వేసే కన్సల్టెంట్ కూడా, ఆయన స్వయంగా లాయరో అనువాదకుడో అయినా సరే, చేయకూడదు. అసలు పత్రం మీదున్న ముద్రల్లోని తెలుగును కూడా మార్చాలి. "పంచాయతీ కార్యదర్శి" అన్న గుండ్రటి ముద్రను వదిలేస్తే అనువాదం అసంపూర్ణమే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో 1991లో పుట్టిన అబ్బాయి. సర్టిఫికెట్ చేతిరాత తెలుగు. తండ్రి పేరు "పి. వెంకటసుబ్బయ్య" అని ఉంది, బిడ్డ పేరు గడి ఖాళీ. పాస్‌పోర్టులో తండ్రి ఇంటిపేరు పూర్తిగా ఉంది, సుబ్బయ్య చివర ఇంగ్లీషులో హెచ్ కూడా ఉంది. ఇక్కడ అనువాదకుడికి చేతనైంది ఒక్కటే. స్పెల్లింగును పాస్‌పోర్టుతో కలపవచ్చు, ఎందుకంటే ఆ తెలుగు పేరును ఇంగ్లీషులో రెండు రకాలుగానూ రాయవచ్చు. కానీ "పి."ని విడదీసి ఇంటిపేరు రాయకూడదు, అది మూలంలో లేదు. ఖాళీ గడిలో అబ్బాయి పేరు అసలే నింపకూడదు. ఎంత బతిమాలినా "పేరు నమోదు కాలేదు" అనే రాయాలి. ఇంటిపేరు తేడాకు, ఇద్దరూ ఒకరే అని తండ్రి వేరే అఫిడవిట్ ఇస్తాడు. పేరు లేకపోవడానికి మాత్రం మందు అనువాదంలో లేదు, రిజిస్టర్‌లో ఉంది.

అందుకే అనువాదం కంటే ముందు నేను చెప్పే మాట: పంచాయతీకో మున్సిపాలిటీకో పోయి కొత్త ప్రతి అడగండి. ఇప్పుడు ఇచ్చే బర్త్ సర్టిఫికెట్ తెలుగు, ఇంగ్లీషు రెండింటిలోనూ ఉంటుంది. అది దొరికితే అనువాదం గొడవే లేదు, టెన్షన్ తగ్గుతుంది, పేరు నమోదు సంగతీ అప్పుడే తేలుతుంది. చేతికి రాగానే ఒకటి చూసుకోండి: రిజిస్ట్రేషన్ నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ పాత సర్టిఫికెట్‌లో ఉన్నవేనా? పాత రిజిస్టర్ వెతకడం బద్ధకమై కొత్తగా నమోదు చేస్తే అక్కడ ఈ ఏటి తేదీ పడుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత నమోదైన పుట్టుకను వీసా అధికారి అనుమానంగానే చూస్తాడు, ఇంకా ఆధారాలు అడుగుతాడు. అలాంటప్పుడు పాతదాన్నే అనువదించడం మేలు.

మరి స్వోర్న్ ట్రాన్స్‌లేటర్ ఎప్పుడు తప్పదు? ఎక్కువగా ఆ దేశం తన భాషలోకి అనువాదం అడిగినప్పుడు. అనంతపురం నుంచి జర్మనీకి నర్సుగా పోయే అమ్మాయిని తీసుకోండి. ఆమె చదువును గుర్తించే అధికారులు జర్మన్ అనువాదం అడుగుతారు, అదీ అక్కడి కోర్టు దగ్గర ప్రమాణం చేసిన అనువాదకులతో. ఆ అనువాదకులను justiz-dolmetscher.de లో భాష పెట్టి వెతకవచ్చు. తెలుగు తెలిసిన వాళ్లు అరుదు, ఇంగ్లీషు నుంచి చేసేవాళ్లు కావలసినంత మంది. ఇక్కడ కూడా రెండు భాషల కొత్త సర్టిఫికెట్ ఉన్నవాళ్లకే పని సులువు. తెలుగు పత్రాన్ని ముందు ఇంగ్లీషులోకి, దాన్నుంచి జర్మన్‌లోకి మార్చి పంపితే, అనువాదం మీద చేసిన అనువాదం ఒప్పుకోం అనే అధికారులూ ఉంటారు. కాబట్టి డబ్బు కట్టక ముందే మెయిల్ పెట్టి అడగండి. పత్రానికి అటెస్టేషన్ అవసరమైతే అది ముందు చేయించి, తర్వాత అనువాదానికి ఇవ్వాలి. లేకపోతే ఆ ముద్ర అనువాదంలోకి రాదు, మళ్లీ డబ్బు కట్టాలి.

బ్రిటన్‌కు అనువాదం కచ్చితమన్న మాట, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, ఫోన్ లాంటి వివరాలు చాలు. ఆస్ట్రేలియా వీసాకు అక్కడ చేయిస్తే NAATI అనే అక్కడి సంస్థ గుర్తింపు ఉన్న అనువాదకులే కావాలి. ఇక్కడ చేయిస్తే అక్కర్లేదు గానీ, అనువాదకుడు తన అర్హత, అనుభవం రాయాలి. వృత్తి కౌన్సిళ్లకు ఎవరి నియమాలు వారివి, వీసా నియమం చూసి వాటిని ఊహించుకోవద్దు.

రాయచోటి, రాజంపేట నుంచి కువైట్, దుబాయి పోయేవాళ్ల లెక్క వేరు. అక్కడ కావలసింది అరబ్బీ. దుబాయిలో ఆ దేశ న్యాయశాఖ లైసెన్సు ఉన్న లీగల్ ట్రాన్స్‌లేటర్ చేసిందే నడుస్తుంది. కాబట్టి ఇక్కడ అరబ్బీ అనువాదానికి డబ్బు పోయకుండా, ఇంగ్లీషు పత్రం మీద అటెస్టేషన్ల వరకు పూర్తి చేసుకుని పోవడం నయం.