ఫోటో చూసి ఇంపెల్లర్ పంపేవాళ్లతో జాగ్రత్త: పచ్చగా మెరిసిందల్లా గన్‌మెటల్ కాదు

పంపు స్పేర్లు ఫోటో మీద అమ్మే మనోడి పేరు ఇక్కడ రాయను. మీలో సగం మంది ఫోన్లలో ఆయన నంబరు ఉండే ఉంటుంది. 5 హెచ్‌పీ మోనోబ్లాక్‌కి గన్‌మెటల్ ఇంపెల్లర్, 2,400 రూపాయలు, డబ్బు ముందే. పాత ఇంపెల్లర్ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపాను. "సైజు తెలిసిపోయిందన్నా, కళ్లు మూసుకుని బిగించుకో" అన్నాడు. నేను నిజంగానే మూసుకున్నాను.

వచ్చింది, బిగించాం, కేసింగ్‌లో తిరిగింది. నీళ్లు మామూలు కంటే జోరుగా పడ్డాయి. పావుగంటకు స్టార్టర్ ట్రిప్. రిలే మళ్లీ నొక్కితే మళ్లీ ట్రిప్. టంగ్ టెస్టర్ పెడితే ప్లేటు మీద 7.5 ఆంపియర్లు రాసున్న మోటారు దాదాపు 10 లాగుతోంది. మనోడికి ఫోన్ చేస్తే "ఓల్టేజీ తక్కువేమో చూడన్నా" అని సలహా. ఓల్టేజీ 410 ఉంది. విప్పి వెర్నియర్ పెడితే కొత్తది 165 మిల్లీమీటర్లు, పాతది 150.

సరే, పెద్దదైతే తిప్పించుకోవచ్చు, కొత్తేం కాదు కదా అని ఇవాళ పొద్దున లేతు షాపుకి పట్టుకెళ్లాను. అసలు సంగతి అక్కడ బయటపడింది. మొదటి కోత వేయగానే టూలు ముందు నుంచి నల్లటి పొడి రాలింది. గన్‌మెటల్ అయితే పసుపు రజను రావాలి. లేతు అబ్బాయి మిషను ఆపి, ఏమీ అనకుండా జేబులోంచి అయస్కాంతం ముక్క తీసి ఇంపెల్లర్ మీద వదిలాడు. టక్కున అతుక్కుంది. పోత ఇనుము, పైన బంగారు రంగు పెయింటు. కోసిన చోట బూడిద రంగు గీత, దాని పక్కనే గోరుతో గీకితే లేచే పసుపు. ఇనుముదైతే 800కి మా ఊరి సెంటర్లోనే దొరుకుతుంది.

ఫోన్ చేశాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా: "కోసిన సరుకు వాపసు తీసుకోం అన్నా. సైజు తప్పంటావా, స్కేలు పెట్టి ఫోటో పంపింది నువ్వే కదా. గన్‌మెటల్ అని నేనెక్కడన్నాను, గన్‌మెటల్ కలర్ అన్నాను." గన్‌మెటల్ కలర్! వాట్సాప్ తిరగేసి చూస్తే నిజంగానే "జీఎం కలర్" అని ఉంది. నేను చదివింది జీఎం వరకే. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

రంగు సంగతి అతని మోసం. సైజు సంగతిలో మాత్రం అతను అన్నది సగం నిజం, నన్ను ఎక్కువ మండిస్తున్నది అదే. ఎక్కడ తప్పిందో చెబుతాను, రోజూ ఇలాంటి ఫోటోలే అందరూ పంపుతున్నారు.

ఇంపెల్లర్‌ని నేల మీద పెట్టాను, పక్కనే నేల మీద స్కేలు పెట్టాను, అడుగు ఎత్తు నుంచి ఫోన్‌తో కొట్టాను. చూడ్డానికి చక్కగా ఉంది. కానీ ఇంపెల్లర్ పైఅంచు నేలకి 30 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది, స్కేలేమో నేలనంటి ఉంటుంది. కెమెరాకి స్కేలు 300 దూరంలో ఉంటే అంచు 270 దూరంలోనే ఉంది. దగ్గరున్నది పెద్దగా కనబడుతుంది కాబట్టి 150 ఉన్న చక్రం ఆ ఫోటోలో స్కేలుతో పోలిస్తే 167గా చదవబడుతుంది. మనోడు 167 చదివి, దగ్గరలో ఉన్న 165 పంపాడు. ఇన్నేళ్లుగా పార్టులమ్మేవాడికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను, "వెర్నియర్ పెట్టి చెప్పన్నా" అనడానికి ఒక్క నిమిషం పట్టదు. ఇక నా వెర్నియర్ ఆ ఫోటో తీసిన చోటుకి నాలుగడుగుల దూరంలో, పెట్టెలోనే ఉంది. ఎవర్ని తిట్టుకోవాలి?

15 మిల్లీమీటర్ల తేడాకి అంత గోల దేనికి అంటారేమో. చక్రం పదో వంతు పెరిగితే నీళ్లు ఎక్కే ఎత్తు ఐదో వంతు పైగా పెరుగుతుంది, మోటారు మీద బరువు సుమారు మూడో వంతు పెరుగుతుంది. వ్యాసం నిష్పత్తిని మూడుసార్లు గుణించుకోండి: 1.1 ఇంటూ 1.1 ఇంటూ 1.1, అంటే 1.33. 7.5 ఆంపియర్లు 10 అయింది అందుకే. రిలే సరిగా పనిచేసింది కాబట్టి వైండింగ్ మిగిలింది. రిలేని తాడేసి కట్టి నడిపేవాళ్లకి కాయిలు కాలి ఉండేది. చిన్నది పంపితే మోటారు హాయిగానే ఉంటుంది, నీళ్లే ఎక్కవు: 150 బదులు 140 వేస్తే 30 మీటర్లు ఎక్కే నీరు 26 దగ్గర ఆగుతుంది. బావి లోతో, వాల్వో, గాలి పీలుస్తోందో అని పదిరోజులు వెతుక్కుంటారు.

ఫోటోయే పంపాల్సి వస్తే స్కేలుని అంచు ఎత్తుకి లేపండి, కింద చెక్క ముక్కో రెండు టార్చి సెల్లులో పెట్టి. మీరు ఐదడుగులు వెనక్కి జరిగి, జూమ్ చేసి కొట్టండి. అంత దూరం నుంచి స్కేలు నేల మీదే ఉన్నా 150 చక్రం 153గా కనబడుతుంది, తేడా అంతకు మించి రాదు. వెర్నియర్ లేకపోతే అంచు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, కలిసిన చోట గీత గీసి, విప్పి కొలిచి 3.14తో భాగించండి. 471 వస్తే 150. నూలు దారం వద్దు, సాగుతుంది. అంచు ఒకచోట విరిగిన పాతదానికి కూడా ఈ పద్ధతి పనికొస్తుంది, వెనక బిళ్ల అంచు బాగుంటే దాని మీదే చుట్టొచ్చు.

నీళ్లు లోపలికి పోయే కన్ను చుట్టూ ఉండే మెడ కొలతకి మాత్రం పాత ఇంపెల్లర్‌ని నమ్మకండి. ఇసుక నీళ్లకి అది అరిగి సన్నబడి ఉంటుంది. దాన్నే కొలిచి తెప్పిస్తే అరిగిన సైజులోనే కొత్తది వస్తుంది, నీళ్లు ఆ సందులోంచి వెనక్కి చూషణ వైపే తిరుగుతుంటాయి. కేసింగ్‌లో రింగు లోపలి కొలత ఇవ్వండి, కానీ అదీ అరిగుంటే రెండూ కలిపి మార్చాల్సిందే. అలాగే బోరు కొలత అడిగితే ఇంపెల్లర్ చిల్లుని కాదు, షాఫ్ట్‌ని కొలవండి. 19, 20 మధ్య తేడా ఏ ఫోటోలోనూ తెలియదు, బిగించాక ఊగులాట మాత్రం ఖాయంగా తెలుస్తుంది.

ఇంకోటి, నాకు తగల్లేదు గానీ మనోడి స్టేటస్‌లో పెట్టిన ఫోటోలు మళ్లీ చూస్తుంటే కనబడింది. రెండు ఫోటోల్లో పోత అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. అంటే ఫోటో తిప్పి పెట్టాడు. అక్షరాలున్నాయి కాబట్టి దొరికాడు, లేని ఇంపెల్లర్ అయితే రెక్కల వంపు కూడా తిరగబడిందని ఎవరు కనిపెడతారు? ఇంపెల్లర్ తిరిగేటప్పుడు రెక్క ఉబ్బెత్తు వైపు ముందు నడవాలి, కొసలు వెనక ఈడ్చుకుంటూ రావాలి. మూసిన ఇంపెల్లర్‌లో రెక్కలు కనబడవు కాబట్టి ఇంపెల్లర్ కంట్లోకి టార్చి వేసి చూడండి, అంచు దగ్గర సందుల ఏటవాలు కూడా చెబుతుంది. మోటారు వైపు నుంచి చూస్తే గడియారం దిశలో తిరిగేది కంటి వైపు నుంచి చూస్తే ఎదురు దిశలో కనబడుతుంది. ఫోటో ఏ వైపు నుంచి తీశారో రాయకపోతే అక్కడే సగం గొడవలు. తిరగవంపుది వచ్చిపడితే కొందరు మెకానిక్కులు రెండు ఫేజులు మార్చి మోటారునే వెనక్కి తిప్పుతారు. చేయనివ్వకండి. కేసింగ్ నత్తగుల్లలా ఒక దిశలోనే వెడల్పవుతుంది, దానికి ఎదురు తిప్పితే నీళ్లు తగ్గుతాయి. నాగలి కర్రుల్లోనూ ఇదే తంటా, రివర్సిబుల్ నాగలికి ఎడమ కర్రు, కుడి కర్రు వేరు, తిరగేసిన ఫోటోలో ఎడమది కుడిదైపోతుంది. పక్కన చేత్తో ఏదైనా రాసిన కాగితం ఉంచి కొట్టమనండి. రాత సరిగా చదవగలిగితే ఫోటో సరిగా ఉన్నట్టు.

పాతదాని మీద పోత నంబరుంటే వైర్ బ్రష్‌తో తోమి, సుద్దముక్క అడ్డంగా రుద్దండి, ఉబ్బిన అక్షరాలు తెల్లగా పైకి తేలతాయి. వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే కుదించి పంపుతుంది, 3 కాస్తా 8 అవుతుంది.

గన్‌మెటల్ అని చెప్పి డబ్బు అడిగితే అయస్కాంతం పెట్టిన వీడియో ముందు పంపమనండి, అదే ఇంపెల్లర్ తిప్పి చూపిస్తూ, మధ్యలో కట్ చేయకుండా. అతుక్కుంటే ఇనుమే. అతుక్కోనంత మాత్రాన మంచి గన్‌మెటల్ అనుకోవద్దు, ఇత్తడీ అతుక్కోదు, కానీ పెయింటు మోసమైతే అక్కడే దొరుకుతుంది. పార్సిల్ రాగానే కూడా, బిగించకముందే, లేతుకి అసలే వెళ్లకముందే అయస్కాంతం పెట్టండి. కోశాక మాట్లాడ్డానికి ఏమీ ఉండదు, నన్నడగండి.

నాది ఇప్పుడు సగం కోసి లేతు షాపు బల్ల మీదే ఉంది. మిగతా కోతకి 200 అడిగాడు. ఇనుముదైనా సరే 150కి తిప్పించి వేసుకుంటాను, నాట్లు ఆగవు కదా. "జీఎం కలర్" అన్న మెసేజి స్క్రీన్‌షాట్ కావాలంటే అడగండి, పంపుతాను.