మూడు పంటలు చూసిన మా చెనక్కాయ క్యాలెండర్

తిరుపతిలో చెనక్కాయ సాగు మీద ఒక ఉపన్యాసం విని, ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికొచ్చి అందులోని పనులన్నీ ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాను. మూడు పంటలుగా అదే మా క్యాలెండర్. అందులో నాకు ప్రాణమైంది ఒక్కటే, తేదీలకు బదులు రోజులు రాసిన గడి.

మొదటిసారి తేదీలే రాశాను. జూన్ 20కల్లా విత్తేస్తామనుకుని, 'ఆగస్టు 1: జిప్సం' అని పెట్టుకున్నాను. ఆ ఏడు వాన ముఖం చాటేసింది. పదును దొరికి గొర్రు కట్టేసరికి జులై 18. చార్టు మాత్రం మారలేదు. ఆగస్టు 1న కూలీలను పిలిచి, ఎకరాకు 200 కిలోల చొప్పున రెండెకరాలకీ చల్లించాను. అప్పటికి పైరు వయసు 14 రోజులు, పూత కూడా లేదు. తర్వాత రెండు పెద్ద వానలు పడ్డాయి. మాది ఎర్ర ఇసుక నేల, జిప్సంలోని కాల్షియం కిందికి దిగిపోతుంది. కాయకు కావాల్సిన కాల్షియం ఆకుల నుంచి రాదు, పువ్వు నుంచి నేలలోకి ఊడ దిగిన చోట మట్టిలోంచి కాయే పీల్చుకోవాలి. పీకినప్పుడు అమ్మ ఒక కాయ చిదిమి నా చేతిలో పెట్టింది. పైన నిండుగా ఉంది, లోపల పప్పు లేదు. అలాంటి పొల్లు కాయలు చాలా వచ్చాయి. చివర్లో బెట్ట కూడా తగిలింది కాబట్టి తప్పంతా జిప్సందే అనను. కానీ ఆ కాయ ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

రికార్డింగు మళ్లీ విన్నాను. ఉపన్యాసం ఇచ్చినాయన తేదీ చెప్పనేలేదు, 'ఊడలు దిగే వేళ' అన్నారు. తేదీ నేను పెట్టుకున్నదే. అప్పుడు విత్తిన రోజును సున్నాగా తీసుకుని మార్చాను: 20కి మొదటి కలుపు, 40కి మొక్కల మొదళ్ల దగ్గర జిప్సం వేసి మట్టి ఎగదోయడం, 45 దాటితే గుంటక బంద్, లేకపోతే ఊడలు తెగుతాయి. ఈ లెక్కన జులై 18 విత్తుకు జిప్సం ఆగస్టు 27న పడాల్సింది. రెండో ఖరీఫ్ ఇలాగే చేస్తే కాయ గట్టిగా నిండింది.

ఇక దీనికి తిరుగులేదనుకున్నాను. యాసంగిలో బోరు కింద నవంబరు 20న విత్తాం. డిసెంబరు చలికి పైరు నెమ్మదించింది. 40వ రోజున బస్తాలు విప్పబోతుంటే నాయన ఆపి, "ఒక చెట్టు పీకి చూడు నాయనా" అన్నాడు. పూలున్నాయి, ఊడలు లేవు. పది రోజులు ఆగి వేశాం. అందుకే రోజుల పక్కన ఇప్పుడు 'గుర్తు' అని ఇంకో గడి ఉంది: జిప్సంకు నేల వైపు వంగిన ఊడ, పీకడానికి కాయ డొల్ల లోపలి నల్లదనం.

తిక్క మచ్చ తెగులు మందుకు మాత్రం ఈ చార్టు పనికిరాదు. అది వానను బట్టి వస్తుంది, వారానికోసారి కింది ఆకులు తిప్పి చూడాల్సిందే.

మాకున్నది రెండెకరాలు, ఒకే పంట, పక్కన నాయన. కాబట్టి మాకు సరిపోతోంది. టమాట, వరి కూడా కలిపి చేసేవాళ్లకు ఒకే చార్టులో ఇవన్నీ ఇముడుతాయో లేదో నేను చెప్పలేను.